గుడిలో పూజలు వీడియో తీసి చానల్‌లో పెట్టాలా? ఈవోకు రాసే లేఖలో ఇవి ఉండాలి

ఊళ్లో గుడికి బ్రహ్మోత్సవాలు దగ్గరపడ్డాయంటే ఈవో కార్యాలయానికి ఒకే రకం ఉత్తరాలు వస్తాయి. "మా యూట్యూబ్ చానల్‌లో స్వామివారి కార్యక్రమాలు ప్రసారం చేయదలచాం. దయచేసి అనుమతి ఇప్పించగలరు." కింద సంతకం, ఫోన్ నంబరు. అంతే. పంపినవాళ్లు వారం రోజులు ఎదురుచూసి, జవాబు రాలేదని నొచ్చుకుంటారు. కొందరు ఎవరో తెలిసినవారిని పట్టుకుని కెమెరాతో లోపలికి వెళ్లిపోతారు. తర్వాత వీడియో బయటికొచ్చి గొడవవుతుంది.

ఆ ఉత్తరానికి జవాబు రాకపోవడానికి ఈవో గారి నిర్లక్ష్యమే కారణం కానక్కర్లేదు. దానికి ఆయన అవునని రాయలేరు. ఏ కార్యక్రమం, ఏ రోజు, గుడిలో ఎక్కడ నిలబడి తీస్తారు, ఎంతమంది వస్తారు, వీడియో మీద వచ్చే డబ్బు సంగతేమిటి అనేవి అందులో లేవు. అలాంటి ఉత్తరం మీద "అనుమతించడమైనది" అని రాస్తే గర్భాలయం దాకా అనుమతిచ్చినట్టే అవుతుంది. రేపు ఏదైనా జరిగితే ఫైల్లో ఉండేది ఆయన సంతకమే.

ఎవరికి రాయాలి

ఏపీ, తెలంగాణల్లో దేవాదాయ శాఖ పరిధిలోని ఆలయాలకు 1987 నాటి 30వ చట్టమే ఆధారం. తెలంగాణ విడిపోయాక అదే చట్టాన్ని అన్వయించుకుంది. పరిపాలన చూసేది కార్యనిర్వహణాధికారి, అంటే ఈవో. చిన్న ఆలయాలైతే నాలుగైదు గుళ్లకు కలిపి ఒకే ఈవో ఉంటారు. ఆయన రోజూ మీ గుడికి రారు కాబట్టి ఏ ఆలయంలో కూర్చుంటారో కనుక్కుని అక్కడ ఇవ్వాలి. ధర్మకర్తల మండలి ఉంటే చైర్మన్ పేరిట ఒక ప్రతి పెట్టడం మర్యాద. ఉత్తరం మాత్రం ఈవో పేరిటే ఉండాలి. వ్యవస్థాపక కుటుంబ ధర్మకర్తలే నడిపే గుడి అయితే వారికి రాయాలి.

ఈవో చేతిలో లేనిది ఒకటుంది. ఆలయ ఆచారాలు, పూజా విధానంలో అధికారులు జోక్యం చేసుకోకూడదని, వాటిని పాటించాలని అదే చట్టం చెబుతోంది. కాబట్టి ఫలానా క్రతువు కెమెరాకు చూపొచ్చా లేదా అనే ప్రశ్న వచ్చినప్పుడు ఈవో ప్రధాన అర్చకుల అభిప్రాయం అడుగుతారు. పెద్ద ఆలయాల్లో స్థానాచార్యుల మాట కూడా ఉంటుంది. వారు వద్దంటే ఈవో దాటి వెళ్లరు. ఉత్తరం ఇవ్వకముందే ప్రధాన అర్చకులను కలిసి, "అయ్యగారూ, వీటిలో ఏవి తీయకూడదో చెప్పండి" అని అడిగితే సగం పని అయినట్టే. ఆయన కాదన్నవి ఉత్తరంలో అడగకండి.

పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఆలయాల సంగతి వేరు. రామప్ప, హనుమకొండ వేయి స్తంభాల గుడి, లేపాక్షి వీరభద్రాలయం వంటి చోట్ల కట్టడం మీద కేంద్ర పురావస్తు శాఖకు అధికారం ఉంటుంది. స్టాండు, లైట్లతో వెళ్లాలంటే వారి అనుమతి విడిగా కావాలి. తిరుమలలో ఈ ప్రశ్నే రాదు. ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లనివ్వరు. స్వామివారి కార్యక్రమాలు చూపడానికి టీటీడీకి సొంత ఎస్వీబీసీ చానల్ ఉంది.

మిగతా రాష్ట్రాల్లోనూ నిబంధనలు బిగుస్తున్నాయి. తమిళనాడులో ఆలయాల్లోకి సెల్‌ఫోన్లు రానివ్వకుండా చర్యలు తీసుకోవాలని 2022 డిసెంబరులో మద్రాస్ హైకోర్టు అక్కడి దేవాదాయ శాఖను ఆదేశించింది. తిరుచెందూరు సుబ్రహ్మణ్యస్వామి ఆలయంలో పూజల వీడియోలు తీసి పెడుతున్నారనే ఫిర్యాదుతో మొదలైన కేసు అది. మన దగ్గర ఈవోలు ఇప్పుడు నోటిమాటగా "కానివ్వండి" అనడానికి వెనకాడుతుండటం వింతేమీ కాదు.

ఏది అడగొచ్చు, ఏది అడగకూడదు

గుడిని మూడు వలయాలుగా ఊహించుకుంటే సులువు. బయటి వలయం మాడవీధులు, రథం వీధి, ధ్వజస్తంభం చుట్టూ ఉన్న ప్రాంగణం. వాహన సేవలు, రథోత్సవం, ధ్వజారోహణం జరిగేది ఇక్కడే. ఉత్సవమూర్తులు బయటికొచ్చేదే అందరికీ దర్శనమివ్వడానికి. ఇక్కడ అనుమతి సాధారణంగా దొరుకుతుంది. ఈవో చూసేది జనం తొక్కిసలాట, పోలీసు బందోబస్తు.

రెండోది కల్యాణ మండపం, ముఖమండపం, యాగశాల. ఇక్కడ సమాధానం "షరతులతో" అని వస్తుంది. కల్యాణంలో ఉభయదాతలు దంపతులుగా పీటల మీద కూర్చుంటారు. వాళ్లు స్వామి కోసం వచ్చారు, మీ చానల్ కోసం కాదు. హోమం దగ్గర రుత్విక్కుల మధ్యకు కెమెరా వెళ్లడం కుదరదు.

మూడోది అంతరాలయం, గర్భాలయం. మూలవిరాట్టును కెమెరాలో చూపకపోవడం మన ఆలయాల్లో ఎక్కువచోట్ల ఆనవాయితీ. నైవేద్యం వేళ తెర వేస్తారు. అభిషేకంలో అలంకారం లేని రూపాన్ని కొన్ని చోట్ల భక్తులకే పరిమితంగా చూపిస్తారు. ఏకాంత సేవ పేరులోనే ఏకాంతం ఉంది. తెర వేసిన దాన్ని వీడియోలో తెరవమని అడిగితే, ఆ ఉత్తరంలో మిగతాదంతా ఎంత పద్ధతిగా ఉన్నా అర్చకులకు మీమీద నమ్మకం పోతుంది. శివాలయాల్లో లింగాభిషేకం అందరి ముందే జరిగే చోట్ల కూడా కెమెరాకు వేరే మాట ఉండొచ్చు. పక్క ఊరి గుడిలో ఇచ్చారు కదా అనే వాదన ఇక్కడ నిలవదు. వైఖానసం, పాంచరాత్రం, శైవాగమం వేర్వేరు. ఒకే ఆగమంలోనూ ఆలయానికో సంప్రదాయం.

ఆగమంతో సంబంధం లేకుండా తీయకూడనివీ ఉన్నాయి. హుండీ, హుండీ లెక్కింపు, ఆభరణాలు భద్రపరిచే గది, సీసీ కెమెరాలు ఎక్కడున్నాయో తెలిసే దృశ్యాలు దొంగలకు పనికొచ్చే సమాచారం. కల్యాణకట్టలో తలనీలాలు ఇస్తున్నవారు, అన్నప్రాశన చేయించుకుంటున్న పసిపిల్లలు, కోనేటిలో స్నానం చేస్తున్నవారిని తీయడానికి ఈవో అనుమతి ఇచ్చినా సరిపోదు. అది ఆయన ఇవ్వగలిగేది కాదు. ఆ మనుషులను అడగాలి.

ఒక లేఖ ఇలా ఉంటుంది

ఉదాహరణకు మధ్యస్థాయి వేంకటేశ్వరస్వామి ఆలయం ఒకటి అనుకుందాం. మే 8 నుంచి 12 వరకు అయిదు రోజుల బ్రహ్మోత్సవాలు. స్థానిక చానల్ నడిపే వ్యక్తికి మూడు కార్యక్రమాలు కావాలి. ఆలయ ఆహ్వాన పత్రికలో ఉన్న సమయాలు చూసుకుని, ఏప్రిల్ మూడో వారంలో ఆయన ఇలా రాశారు.

"కార్యనిర్వహణాధికారి గారికి,
శ్రీ వేంకటేశ్వరస్వామివారి దేవస్థానం.

విషయం: బ్రహ్మోత్సవాల్లో మూడు కార్యక్రమాలను చిత్రీకరించి మా యూట్యూబ్ చానల్‌లో ఉంచేందుకు అనుమతి కోరుతూ.

అయ్యా,
నేను ఈ పట్టణంలో నివాసం ఉంటూ నాలుగేళ్లుగా స్థానిక ఆలయాల ఉత్సవాలపై చానల్ నడుపుతున్నాను. చానల్ లింకు, నా ఆధార్ నకలు జతపరిచాను. ఈ ఏడాది బ్రహ్మోత్సవాల్లో మే 8 సాయంత్రం 6 గంటలకు ధ్వజారోహణం, 10 ఉదయం 10 గంటలకు కల్యాణం, 11 రాత్రి 7 గంటలకు గరుడ వాహన సేవ చిత్రీకరించేందుకు అనుమతి కోరుతున్నాను.

నాతోపాటు ఇద్దరు వస్తారు. రెండు కెమెరాలు, ఒక స్టాండు, ఒక మైకు తెస్తాం. ఫ్లాష్, అదనపు లైట్లు, డ్రోన్ వాడం. సొంత బ్యాటరీలతో నడుపుతాం కనుక ఆలయ విద్యుత్తు అవసరం లేదు. ధ్వజారోహణానికి రాజగోపురం లోపల కుడివైపు గోడ దగ్గర, కల్యాణానికి భక్తుల వరుసల వెనుక నిలబడతాం. స్కెచ్ జతపరిచాను. గర్భాలయం, అంతరాలయం, మూలవిరాట్టు, స్నపనం, నైవేద్యం చిత్రీకరించం. ఈ విషయమై ప్రధాన అర్చకుల వారిని కలిసి వారి సూచనలు తీసుకున్నాను.

గరుడ సేవను మాత్రం ప్రత్యక్ష ప్రసారం చేస్తాం. మిగతా రెండూ రికార్డు చేసి, మీ కార్యాలయానికి చూపించిన తర్వాతే పెడతాం. మా చానల్‌కు ప్రకటనల ద్వారా ఆదాయం వస్తుంది. ఈ వీడియోల మీద దేవస్థానం నిర్ణయించే రుసుము ఉంటే చెల్లించి రసీదు తీసుకుంటాం. ఈ వీడియోల్లో గానీ, కింద వివరాల్లో గానీ మా తరఫున విరాళాలు, సేవల రుసుములు అడగం, క్యూఆర్ కోడ్ పెట్టం. చానల్‌ను దేవస్థానం అధికారిక చానల్‌గా చెప్పుకోం.

పూర్తి రికార్డింగు నకలు దేవస్థానానికి ఉచితంగా ఇస్తాం. దేవస్థానం తన అవసరాలకు దాన్ని వాడుకోవచ్చు. ఏ భాగమైనా ఆచారానికి విరుద్ధమని మీరు రాతపూర్వకంగా తెలిపితే 24 గంటల్లో తొలగిస్తాం. అనుమతిని షరతులతో సహా రాతపూర్వకంగా ఇప్పించ ప్రార్థన.

ఇట్లు, భవదీయుడు."

రెండు పేజీలు దాటకూడదు. చానల్ గొప్పలు, సనాతన ధర్మ ప్రచారం గురించి పేరాలు రాస్తే కార్యాలయంలో ఎవరూ చదవరు. పై లేఖలో పనిచేసిన వాక్యాలు ఏవంటే, తీయబోమని చెప్పినవి. ఈవో కాదనబోయేవి ముందే మీరు కాదన్నారు.

ప్రకటనల ఆదాయం దాచకపోవడం కూడా ముఖ్యమే. "భక్తితో, ఉచితంగా" అని రాసి తర్వాత వీడియో మధ్యలో ప్రకటనలు వస్తే, మొదటి ఫిర్యాదుకే అనుమతి పోతుంది. చానల్‌కు డబ్బు రావడం నేరం కాదు. దాచడమే అనుమానానికి దారి.

క్యూఆర్ కోడ్ వాక్యం గురించి ఇంకో మాట. ఈవోలకు ఇప్పుడు వీడియో కన్నా దాని కింద ఉండే వివరాల మీదే భయం. ఆలయం పేరు, స్వామి బొమ్మ, కింద "అన్నదానానికి విరాళం" అంటూ వ్యక్తిగత యూపీఐ ఐడీ ఉంటే, దూరంగా ఉన్న భక్తుడు అది గుడిదే అనుకుంటాడు. మీరు మంచి మనసుతో పెట్టినా ఆ డబ్బుకు దేవస్థానం రసీదు ఉండదు. ఎవరైనా విరాళమిస్తామంటే ఆలయ కౌంటరుకో, దేవస్థానం అధికారిక వెబ్‌సైటుకో పంపండి.

ఇచ్చాక ఏం జరుగుతుంది

ఉత్తరాన్ని చేతికిచ్చి రాకండి. ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, మీ దగ్గరి నకలు మీద నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. అక్కడి నుంచి అది పర్యవేక్షకుడి దగ్గరికి, ప్రధాన అర్చకుల అభిప్రాయానికి వెళ్లి మళ్లీ ఈవో బల్ల మీదికి వస్తుంది. ఉత్సవాలకు రెండు మూడు వారాల ముందు ఇస్తేనే ఈ చక్రం పూర్తవుతుంది. అంకురార్పణ రోజున ఇచ్చే ఉత్తరాన్ని చదివే తీరిక ఎవరికీ ఉండదు.

మన ఉదాహరణలో జవాబు ఇలా వచ్చిందనుకోండి. ధ్వజారోహణానికి, గరుడ సేవకు అనుమతి. కల్యాణానికి ఒకే కెమెరా, స్టాండు లేకుండా, మాంగల్యధారణ వేళ ఎవరికీ అడ్డు రాకుండా, ఉభయదాతల ముఖాలు దగ్గరగా చూపకుండా. గరుడ సేవ ప్రత్యక్ష ప్రసారం ఆలయ ప్రాంగణం దాటి వాహనం వీధిలోకి వచ్చాకే మొదలుపెట్టాలి. ఈ చివరి షరతు చాలామందికి అర్థం కాదు. వాహనం మీద స్వామిని వేంచేపు చేసేటప్పుడు అలంకారం సర్దుతారు, తాళ్లు బిగిస్తారు, తెర పట్టుకుంటారు. రికార్డింగులో దాన్ని కోసేయొచ్చు. ప్రత్యక్ష ప్రసారంలో పోయింది పోయినట్టే, ఎవరో అప్పటికే స్క్రీన్ రికార్డు చేసుకుంటారు. షరతు నచ్చకపోతే ముందే చెప్పి మార్పించుకోవాలి గానీ అక్కడికెళ్లి వాదించకూడదు.

మొదటిసారి ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నవారు ఒకటి చూసుకోవాలి. యూట్యూబ్‌లో ఆ సదుపాయం మొదటిసారి తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. అనుమతి చేతిలో ఉండి, గరుడ వాహనం కదులుతుండగా ఫోన్‌లో నిరీక్షించమని వస్తే చేసేదేమీ లేదు.

అనుమతి పత్రాన్ని ఫోన్‌లో ఫొటోగా కాకుండా కాగితంగా జేబులో ఉంచుకోండి. గేటు దగ్గరి హోంగార్డుకు, బందోబస్తుకు బయటి ఊరి నుంచి వచ్చిన ఎస్‌ఐ గారికి మీరెవరో తెలియదు. పత్రంలో ఉన్న ముగ్గురికి నాలుగో మనిషి తోడైతే అదే గేటు దగ్గర ఆగిపోతారు.

డబ్బు అడిగితే కౌంటరులో కట్టి రసీదు తీసుకోండి. లోపలికి కెమెరా రానిస్తానని ఎవరైనా విడిగా అడిగితే అది అనుమతి కాదు. అలా తీసిన దృశ్యం బయటికొచ్చినప్పుడు మొదట ఉద్యోగం పోయేది ఆ పరిచారకుడిదే.

ఈవో ఇవ్వలేని అనుమతులు

నాదస్వర బృందం, హరికథ చెప్పే భాగవతార్, కోలాటం బృందం కళాకారులు. వారి ప్రదర్శన మీద కాపీరైటు చట్టం వారికి ప్రదర్శకుల హక్కు ఇస్తుంది. గుడి వారికి పారితోషికం ఇచ్చినంత మాత్రాన ఆ హక్కు మీ చానల్‌కు రాదు. కార్యక్రమానికి ముందు ఒక చిన్న కాగితం మీద, "ఈ ప్రదర్శనను ఫలానా చానల్‌లో ఉంచడానికి సమ్మతం" అని సంతకం తీసుకుంటే చాలు. చాలామంది సంతోషంగా పెడతారు, పేరు కింద వేయమంటారు. వేయండి.

గుడి మైకులో వచ్చే పాటలది ఇంకో చిక్కు. సుప్రభాత శ్లోకాలు ఎవరి సొత్తూ కాదు. వాటిని పాడిన రికార్డింగు మాత్రం సంగీత కంపెనీది కావొచ్చు. అది మీ వీడియోలో వెనకాల వినిపిస్తే యూట్యూబ్ వ్యవస్థ గుర్తుపట్టి క్లెయిమ్ వేయొచ్చు. ఆదాయం వాళ్లకు వెళ్తుంది, లేదా శబ్దం పోతుంది. "ఈవో గారి అనుమతి ఉంది" అని అక్కడ రాస్తే లాభం లేదు. మైకులో పాట వేసే సమయాలు ముందే తెలుసుకుని, అర్చకుల మంత్రోచ్చారణ దగ్గరగా వినిపించేలా మీ మైకు పెట్టుకోవడమే దారి.

డ్రోన్ కూడా అంతే. గుడి పైన ఆకాశం దేవస్థానానిది కాదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆ ప్రాంతం ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై పటంలో చూసుకోవాలి, స్థానిక పోలీసులకూ చెప్పాలి. రథోత్సవంలో వేలమంది నెత్తిమీద డ్రోన్ తిప్పడానికి ఈవో ఒప్పుకున్నా నేనైతే వద్దనే అంటాను. బ్యాటరీ అయిపోతే అది దిగేది జనం మీదే.

జవాబు రాకపోతే

పది రోజులు చూసి ఇన్‌వర్డ్ నంబరు ఉటంకిస్తూ ఒక గుర్తుచేసే ఉత్తరం ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే జిల్లాలోని దేవాదాయ శాఖ సహాయ కమిషనర్ కార్యాలయానికి ఆ రెండు ఉత్తరాల నకళ్లతో రాయొచ్చు. అదే కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, ఆలయంలో చిత్రీకరణపై ఉన్న ఉత్తర్వులు, రుసుముల వివరాలు అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ ఏడాది ఉత్సవం దాటిపోవచ్చు గానీ, వచ్చే ఏడాది ఉత్తరానికి ఆ ఉత్తర్వే ఆధారమవుతుంది.

రాతపూర్వకంగా తిరస్కరిస్తే కారణం చూడండి. "ఆలయ సంప్రదాయం అనుమతించదు" అని ఉంటే పై అధికారి దగ్గరికి వెళ్లినా ఫలితం అదే కావొచ్చు. "సిబ్బంది కొరత", "భద్రత" అని ఉంటే మార్గం ఉంది. కార్యక్రమాలు మూడు నుంచి ఒకటికి, మనుషులు ముగ్గురి నుంచి ఒకరికి తగ్గించి మళ్లీ రాయండి. జనం తక్కువగా ఉండే ధ్వజావరోహణం లాంటిది అడగండి. పెద్ద చానళ్లన్నీ గరుడ సేవ వెంట పడతాయి గానీ, ధ్వజం దించే సాయంత్రం ఏం జరుగుతుందో చాలామంది భక్తులు ఎప్పుడూ చూసి ఉండరు.